చార్టు మళ్లీ గీయకుండా బార్ల రంగులు మార్చడం: వర్ణాంధత్వం ఉన్న పాఠకుల కోసం

చార్టు గీసిన ఎక్సెల్ ఫైలు ఎవరి దగ్గర ఉందో తెలియదు. చేతిలో ఉన్నది ఒక్క పీఎన్‌జీ బొమ్మ. అందులో ఎరుపు, ఆకుపచ్చ బార్లు పక్కపక్కనే ఉన్నాయి. "ఈ రెండింటిలో ఏది ఏదో నాకు తెలియడం లేదు" అని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. ఇలాంటప్పుడు ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. అక్షాలు, అంకెలు, పేర్లు చెక్కుచెదరకుండా బార్ల రంగులు మాత్రమే మార్చే పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను. వాడేది గింప్, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. మెనూల పేర్లు తెరమీద కనిపించే విధంగానే ఇచ్చాను.

ఈ పని ఎక్కువగా రెండు చోట్ల చెడుతుంది. ఒకటి, రంగు మారుతుంది కానీ రెండు రంగుల వెలుగు ఒకేలా ఉండిపోతుంది. రెండు, బార్ల అంచుల్లో పాత రంగు సన్నని చారగా మిగిలిపోతుంది. అందుకే ఈ రెండింటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఉదాహరణగా ఒక చార్టు అనుకుందాం. ఐదు మండలాల వరి దిగుబడి, ఒక్కో మండలానికి రెండు బార్లు. ఖరీఫ్‌కు ఆకుపచ్చ (`#2CA02C`), రబీకి ఎరుపు (`#D62728`). వెనుక తెలుపు, కింద నల్లని అక్షం, బార్ల లోపల తెల్లని అంకెలు, పై మూలలో ఏ రంగు దేనిదో చెప్పే రెండు చిన్న గళ్లు. పైథాన్‌లోని మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో గీసిన చార్టుల్లో సరిగ్గా ఈ రెండు రంగులే తరచు కనిపిస్తాయి.

## 1. మొదలుపెట్టే ముందు

అన్నిటికంటే ముందు మంచి ప్రతి సంపాదించాలి. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన బొమ్మ కుదించిన జేపెగ్. దానిలో ఒక్కో బార్‌లో వందల ఛాయలు ఉంటాయి. అదే బొమ్మ ఏదైనా నివేదికలోనో వెబ్‌సైట్‌లోనో పీఎన్‌జీగా ఉందేమో వెతకండి. అలా వెతకడానికి పట్టే పది నిమిషాలు తర్వాత గంట పనిని తగ్గిస్తాయి.

బొమ్మను గింప్‌లో తెరిచాక `Image > Mode` చూడండి. అక్కడ `Indexed` అని ఉంటే `RGB`కి మార్చండి. ఇండెక్స్‌డ్ బొమ్మలో పరిమితమైన రంగుల పట్టిక మాత్రమే ఉంటుంది. మీరు నీలం పోస్తే, ఆ పట్టికలో దానికి దగ్గరగా ఉన్న వేరే రంగు పడుతుంది. కారణం తెలియక చాలామంది ఇక్కడే తికమకపడతారు.

తర్వాత బొమ్మను 800 శాతానికి పెద్దది చేసి ఒక బార్ పై అంచును చూడండి. ఆకుపచ్చకూ తెలుపుకూ మధ్య లేత ఆకుపచ్చ పిక్సెళ్ల వరుస కనిపిస్తే, అంచు మెత్తబరిచి ఉందని అర్థం. చాలా చార్టులు ఇలాగే ఉంటాయి. ఐదో మెట్టు మొత్తం ఈ వరుస కోసమే.

సరిచూసుకోండి:

- అసలు ఫైలుకు నకలు తీసి పక్కన పెట్టారా?
- మోడ్ `RGB`లో ఉందా?
- బార్లు ఒకే చదును రంగులో ఉన్నాయా, లేక నీడలు, రంగు వాలులు ఉన్నాయా? ఉంటే ముందు పదో భాగం చదవండి.
- కలర్ పికర్‌తో రెండు బార్ల రంగుల సంకేతాలు రాసుకున్నారా?

## 2. రంగులు ఎంచుకోవడం: ముందు వెలుగు, తర్వాత రంగు

ఎక్కువమందిలో ఉండే వర్ణాంధత్వం ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడాను తగ్గిస్తుంది లేదా పూర్తిగా చెరిపేస్తుంది. మన చార్టులోని రెండు రంగులూ వారికి గోధుమ, ముదురు పసుపు ఛాయల్లోకి దిగిపోతాయి. నీలం, నారింజల మధ్య తేడా మాత్రం వారికి నిలుస్తుంది. అందుకే ఒకాబే, ఇటో అనే ఇద్దరు జపాన్ పరిశోధకులు రూపొందించిన ఎనిమిది రంగుల జాబితా ఇప్పుడు శాస్త్ర పత్రాల్లో విరివిగా కనిపిస్తుంది. అందులోని నీలం `#0072B2`, నారింజ `#E69F00` మనకు చాలు.

ఇక్కడ చాలామంది ఒక సులువు దారి పడతారు. ఆకుపచ్చను నీలంగా మార్చి, ఎరుపును అలాగే వదిలేస్తారు. తెరమీద తేడా బాగానే తెలుస్తుంది. కానీ ఈ ఎరుపు, ఈ నీలం వెలుగులో దాదాపు సమానం. నలుపు తెలుపులో ముద్రిస్తే రెండూ ఒకే బూడిద రంగులోకి వస్తాయి. అసలు రంగులే గుర్తించలేని కొద్దిమందికి కూడా అవి ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి రెండు రంగులూ మార్చండి. ఒకటి ముదురుగా, మరొకటి లేతగా ఉండాలి.

వెలుగు తేడాను కాంట్రాస్ట్ నిష్పత్తితో కొలుస్తారు. పాత ఎరుపు, ఆకుపచ్చల మధ్య అది సుమారు 1.5. కొత్త నీలం, నారింజల మధ్య సుమారు 2.3. ఇది స్పష్టమైన మెరుగుదల.

అయితే ఈ నారింజకు ఒక లోపం ఉంది. తెల్లని నేపథ్యంతో దాని నిష్పత్తి సుమారు 2.25 మాత్రమే. అర్థం కావడానికి అవసరమైన బొమ్మల భాగాలకు పక్క రంగుతో కనీసం 3 ఉండాలని వెబ్ సౌలభ్య ప్రమాణం (డబ్ల్యూసీఏజీ) చెబుతుంది. నీలానికి 5 పైనే ఉంది కాబట్టి దానితో ఇబ్బంది లేదు. నారింజ బార్లకు మాత్రం ముదురు అంచు గీత వేయాలి. అది ఏడో మెట్టులో వస్తుంది. అదే జాబితాలో ఎరుపు కలిసిన ముదురు నారింజ `#D55E00` కూడా ఉంది. తెలుపు మీద అది బాగానే నిలుస్తుంది కానీ నీలంతో దాని వెలుగు తేడా 1.3కు పడిపోతుంది. ఆ లాభం కోసం ఈ నష్టం ఎందుకని నేను లేత నారింజ, అంచు గీత పద్ధతినే ఇష్టపడతాను.

## 3. లేయర్లు పేర్చడం

లేయర్ల జాబితాలో అసలు బొమ్మను రెండింతలు చేయండి (`Layer > Duplicate Layer`). పై దానికి "పని" అని పేరు పెట్టి, `Layer > Transparency > Add Alpha Channel` నొక్కండి. ఈ రెండింటి మధ్య తెల్లని కొత్త లేయర్ ఒకటి పెట్టండి.

అంటే కింది నుంచి పైకి వరుస ఇది: అసలు, తెలుపు, పని. అసలు లేయర్‌ను ఇక ముట్టుకోవద్దు. చివర్లో సరిచూడటానికి అదే ఆధారం.

## 4. ఆకుపచ్చ బార్లను ఎంచుకోవడం

"పని" లేయర్ మీద ఉండి, రంగును బట్టి ఎంచుకునే పరికరాన్ని తీయండి (`Shift+O`). దాని ఐచ్ఛికాల్లో `Antialiasing`, `Feather edges` రెండూ తీసేయండి. `Threshold` 0 పెట్టండి. ఇప్పుడు ఏదో ఒక ఆకుపచ్చ బార్ మధ్యలో క్లిక్ చేయండి.

ఐదు ఆకుపచ్చ బార్లూ, వాటితో పాటు సూచికలోని చిన్న ఆకుపచ్చ గడీ ఒకేసారి ఎంపికవుతాయి. గడి ఎంపిక కాలేదంటే దాని రంగు కాస్త వేరుగా ఉందన్నమాట. `Shift` నొక్కి పట్టి దానిమీద కూడా క్లిక్ చేయండి. బార్లు మారి సూచిక మారకపోతే ఆ చార్టు ఎవరికీ పనికిరాదు.

ఇప్పటికి ఎంపికైనవి పూర్తి ఆకుపచ్చ పిక్సెళ్లే. అంచులోని లేత వరుస బయటే ఉంది. దాన్ని కలుపుకోవడానికి `Select > Grow` తెరిచి 1 పిక్సెల్ పెంచండి.

అలా పెంచినప్పుడు ఎంపిక పక్కనున్న ఎరుపు బార్‌లోకి, కింద నల్లని అక్షంలోకి కూడా ఒక పిక్సెల్ చొరబడుతుంది. దాన్ని వెనక్కి లాగాలి. అదే పరికరంతో `Ctrl` నొక్కి పట్టి ఎరుపు బార్ మీద ఒకసారి, నల్లని అక్షం మీద మరోసారి క్లిక్ చేయండి. ఆ రంగులు ఎంపికలోంచి తొలగిపోతాయి. ఈ చిన్న పని మానేస్తే బార్లు ఒక్కో పిక్సెల్ లావెక్కుతాయి, అక్షం గీత తెగతెగిపోతుంది.

## 5. అంచు చెడకుండా రంగు పోయడం

బకెట్‌తో రంగు పోస్తే లేత ఆకుపచ్చ వరుస అలాగే మిగులుతుంది. నీలం బార్ చుట్టూ పచ్చని అంచు కనిపిస్తుంది. పెంచిన ఎంపిక మొత్తంలో నేరుగా నీలం పోస్తే ఆ చార పోతుంది, కానీ అంచు గరుకుగా తయారవుతుంది, బార్ కూడా కాస్త పొడుగవుతుంది. రెండూ కాకుండా మూడో దారి ఉంది.

అంచు పిక్సెల్ అంటే సగం ఆకుపచ్చ, సగం తెలుపు కలిసిన మిశ్రమం అనుకోండి. అందులోంచి తెలుపును పారదర్శకతగా మార్చేస్తే సగం పారదర్శకమైన ఆకుపచ్చ మిగులుతుంది. ఇప్పుడు ఆకుపచ్చ బదులు నీలం పెడితే, కింద ఉన్న తెల్ల లేయర్‌తో కలిసి సగం నీలం, సగం తెలుపు అవుతుంది. మిశ్రమం పాళ్లు అవే, రంగు మాత్రమే మారింది.

చేసే వరుస:

1. ఎంపిక అలాగే ఉండగా `Colors > Color to Alpha` తెరవండి. రంగు తెలుపు అని ఉందో లేదో చూడండి.
2. `Opacity threshold` పక్కనున్న పికర్ బొత్తాన్ని నొక్కి, ఆకుపచ్చ బార్ మధ్యలో క్లిక్ చేయండి. దీనితో నిండు ఆకుపచ్చ నిండుగానే ఉండిపోతుంది, అంచులు మాత్రమే పలచబడతాయి. ఇది వదిలేస్తే బార్ మొత్తం కొంత పారదర్శకమై, తర్వాత పోసే నీలం వెలిసిపోయినట్టు వస్తుంది.
3. `OK` నొక్కాక, లేయర్ల పెట్టెలో ఆల్ఫాకు, అంటే పారదర్శకతకు, తాళం వేయండి (`Lock alpha channel`).
4. ముందు రంగుగా `0072b2` టైపు చేసి, `Edit > Fill with FG Color` నొక్కండి.
5. ఆల్ఫా తాళం తీసి, `Select > None` నొక్కండి.

ఇప్పుడు మళ్లీ 800 శాతానికి వెళ్లి పై అంచు చూడండి. ముదురు నీలం, దాని పైన లేత నీలం వరుస, ఆపైన తెలుపు కనిపించాలి. బార్ లోపలి తెల్లని అంకెల చుట్టూ కూడా ఇదే జరిగి ఉంటుంది. అంకెలు పారదర్శకమై, కింద తెలుపు కనిపిస్తూ, మెత్తని అంచులతో చక్కగా నిలుస్తాయి. పెద్ద అంకెల దగ్గర ఆకుపచ్చ చుక్కలేమైనా మిగిలితే `Ctrl+Z`తో నాలుగో మెట్టు దాకా వెనక్కి వెళ్లి, ఎంపికను 2 పిక్సెళ్లు పెంచి మళ్లీ చేయండి.

## 6. రెండో రంగు

ఎరుపు బార్లకు నాలుగు, ఐదు మెట్లు అలాగే మళ్లీ చేయండి. తేడాలు మూడే: `Opacity threshold`ను ఎరుపు మీద క్లిక్ చేసి తీసుకోవాలి, `Ctrl` క్లిక్‌తో కొత్త నీలాన్నీ అక్షాన్నీ తీసేయాలి, పోసే రంగు `e69f00`.

మొదటి రంగు తర్వాత ఆల్ఫా తాళం తీయడం మరిచిపోతే ఇక్కడ `Color to Alpha` సరిగా పనిచేయదు, అంచులు పలచబడవు. ఎందుకు పనిచేయడం లేదో తెలియక మొదటి నుంచి మొదలుపెట్టేవారు ఉంటారు. ముందు తాళం చూడండి.

## 7. నారింజ బార్లకు అంకెలు, అంచు గీత

నీలం మీద తెల్లని అంకెలు హాయిగా చదవవచ్చు. నారింజ మీద చదవలేం. ఎరుపు మీద బాగున్న తెలుపు ఇక్కడ వెలవెలబోతుంది. కాబట్టి నారింజ బార్లలోని అంకెల మీద చతురస్ర ఎంపిక గీసి నారింజ నింపండి, తర్వాత టెక్స్ట్ పరికరంతో అవే అంకెలను `#333333` రంగులో టైపు చేయండి. టైపు చేసిన ప్రతి అంకెనూ అసలు లేయర్‌తో పోల్చి చూడాలి. 47 కాస్తా 74 అయిందంటే రంగుల కోసం పడిన శ్రమంతా తప్పుడు సమాచారానికే పనికొస్తుంది.

అసలు చార్టులోనే నల్లని అంకెలు బార్ల లోపల ఉంటే కూడా ఇదే మార్గం. తెలుపును తీసే పద్ధతికి నలుపుతో పని జరగదు. పెంచిన ఎంపిక ఆ అంకెల అంచులను కొరికేస్తుంది. వాటిని కప్పి తిరిగి టైపు చేయడమే మేలు.

అంచు గీత ఇలా వేయాలి. అంకెలు టైపు చేసిన లేయర్‌ను కాసేపు దాచి, "పని" లేయర్ మీద రంగును బట్టి నారింజను ఎంచుకోండి. లోపల ఎక్కడైనా రంధ్రాలు ఉంటే `Select > Remove Holes` నొక్కండి. కొత్త పారదర్శక లేయర్ తెరిచి `#333333` నింపండి. `Select > Shrink` 2 పిక్సెళ్లు తగ్గించి `Delete` నొక్కండి. రెండు పిక్సెళ్ల మందం గీత మిగులుతుంది.

గీత లోపలి వైపే ఉండాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. బయటికి వేస్తే బార్ రెండు పిక్సెళ్లు పొడుగవుతుంది. చిన్న బొమ్మలో అది చదివే విలువనే మార్చవచ్చు.

## 8. దొరికింది జేపెగ్ ఒక్కటే అయితే

జేపెగ్‌లో రంగు సమాచారాన్ని తరచు సగం స్పష్టతతోనే నిల్వ చేస్తారు. అందువల్ల ఆకుపచ్చ బార్ చుట్టూ రెండు, మూడు పిక్సెళ్ల దూరం పచ్చని పొగ కమ్ముకుంటుంది. `Threshold` 15, 20 పెట్టి ఎంచుకున్నా చుక్కలు మిగులుతాయి, ఇంకా పెంచితే అక్షరాలను మింగుతుంది.

ఇక్కడ నా సలహా వేరు. బార్లు దీర్ఘచతురస్రాలు కాబట్టి, ఒక్కో బార్ మీద చతురస్ర ఎంపిక పరికరంతో గీసి నేరుగా రంగు నింపండి. పది బార్లంటే పెద్ద పనేమీ కాదు. పై అంచు ఎక్కడుందో నిర్ణయించేటప్పుడు మాత్రం జాగ్రత్త: లేతబడటం మొదలైన చోట కాకుండా, ఆకుపచ్చకూ తెలుపుకూ సరిగ్గా మధ్యస్థంగా ఉన్న పిక్సెల్ వరుస దగ్గర ఆపండి. అన్ని బార్లకూ అదే నియమం పాటించాలి. చుట్టూ మిగిలిన పొగను తెలుపు నింపి తుడిచేయండి.

ఫలితాన్ని తిరిగి జేపెగ్‌గా దాచవద్దు. తీసిన పొగ మళ్లీ వచ్చి చేరుతుంది. `File > Export As`లో పీఎన్‌జీ ఎంచుకోండి. లేయర్లున్న `.xcf` ఫైలును కూడా ఉంచుకోండి.

## 9. పరీక్షించడం

మూడు పరీక్షలు చేయాలి. వాటిలో మొదటిది అందరికీ తెలుసు, మూడోది దాదాపు ఎవరూ చేయరు.

కళ్ల పరీక్ష. `View > Display Filters` తెరిచి `Color Deficient Vision`ను కుడివైపు జాబితాలోకి పంపండి. `Protanopia`, `Deuteranopia`, `Tritanopia` ఒక్కొక్కటిగా ఎంచుకుని చూడండి. ఇది తెరమీద చూపే తీరును మాత్రమే మారుస్తుంది, ఫైలును ముట్టుకోదు. సూచికలోని చిన్న గళ్లను ప్రత్యేకంగా చూడండి. పెద్ద బార్‌లో తెలిసే తేడా చిన్న గడిలో తెలియకపోవచ్చు. తెలియకపోతే సూచికను నమ్ముకోకుండా, మొదటి మండలం బార్ల పైనే "ఖరీఫ్", "రబీ" అని రాసేయండి.

బూడిద పరీక్ష. బొమ్మ నకలు మీద `Colors > Desaturate > Desaturate` నొక్కండి. రెండు రకాల బార్లూ వేరుగా తెలియాలి.

తేడా పరీక్ష. అసలు లేయర్‌కు నకలు తీసి అన్నిటికంటే పైకి చేర్చండి. దాని మోడ్‌ను `Difference` చేయండి. మారని చోటంతా నల్లగా, మారిన చోటు మాత్రం వెలుగుతూ కనిపిస్తుంది. బార్లు, సూచిక గళ్లు, మీరు తిరిగి టైపు చేసిన అంకెలు వెలగాలి. అక్షం మీద, మండలాల పేర్ల మీద, ఖాళీ తెలుపులో ఏదైనా వెలిగితే అక్కడ మీ చేయి పడిందని అర్థం. చూశాక ఆ లేయర్‌ను తొలగించండి.

పంపే ముందు:

- బార్ల పై అంచులు అసలు ఎత్తులోనే ఉన్నాయా?
- అక్షం గీత ఎక్కడా తెగలేదు కదా?
- సూచిక గళ్ల రంగులు బార్లతో సరిపోలాయా, నారింజ గడికి కూడా అంచు గీత ఉందా?
- పక్కనున్న వ్యాసంలోనో, బొమ్మ కింది వాక్యంలోనో "ఎర్ర బార్లు చూడండి" అని మిగిలిపోలేదు కదా? దాన్ని "నారింజ బార్లు (రబీ)" అని మార్చండి. బొమ్మకు రాసిన ప్రత్యామ్నాయ వివరణలోనూ అదే మార్పు చేయాలి.
- చార్టు వేరొకరిదైతే, "రంగులు మార్చాం, వివరాలు యథాతథం" అని మూలం పక్కన రాశారా?

## 10. ఈ పద్ధతి పనికిరాని చోట్లు

త్రిమితీయ బార్లు, నీడలు, పైనుంచి కిందికి మారే రంగులు ఉన్న చార్టుకు ఇది పనిచేయదు. ఒక్కో బార్‌లో అసంఖ్యాకమైన ఛాయలు ఉంటాయి, చదును రంగు పోస్తే ఎత్తు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కూడా తెలియకుండా పోతుంది. తెల్లగా కాకుండా రంగు నేపథ్యం ఉంటే మాత్రం దిగులు లేదు. `Color to Alpha`లో తెలుపు బదులు ఆ నేపథ్యం రంగును, మధ్య లేయర్‌లోనూ అదే రంగును పెడితే చాలు.

రంగుల సంఖ్య నాలుగు దాటినా నేను ఈ దారి పట్టను. పరస్పరం వెలుగు తేడా ఉన్న ఐదు రంగులు దొరకడం కష్టం. అలాంటి చార్టులో రంగులను యథాతథంగా వదిలి, ప్రతి బార్ పైన దాని పేరో, ఒక అక్షరమో రాస్తే పాఠకుడికి ఎక్కువ మేలు. అది కూడా కుదరనంత ఇరుకుగా ఉంటే, బార్ల మీది అంకెలను చదివి ఒక చిన్న పట్టికగా బొమ్మ కింద ఇవ్వండి.